రెండు సంఖ్యల నుంచి లంబకోణ త్రికాలు: పుట్టించడం, చేత్తో సరిచూడడం

ఇంటికి ముగ్గు పోసే మేస్త్రీ, నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా, మూల చూసుకోవడానికి చేసే పని ఒకటే. మూలలో మేకు కొడతాడు. ఒక దారం మీద 3 అడుగుల దగ్గర, రెండో దారం మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి చూస్తాడు. 5 అడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్టు, రాకపోతే ఒక దారాన్ని జరపాల్సిందే.

3, 4, 5 అందరికీ తెలుసు. ఇలా చిన్నవి రెండింటి వర్గాలు కూడితే పెద్దదాని వర్గం వచ్చే మూడు పూర్ణసంఖ్యల గుంపే త్రికం. ఒక ప్లాటు 33 అడుగుల వెడల్పు, 56 అడుగుల పొడవు ఉందనుకోండి. అంటే 1848 చదరపు అడుగులు, 205 గజాల మీద మూడు చదరపు అడుగులు. దాని మూల నుంచి మూలకు కర్ణం సరిగ్గా 65 అడుగులు రావాలి. అర అంగుళం తేడా లేదు, దశాంశం లేదు. ఇలా మూడు భుజాలూ పూర్ణసంఖ్యలుగా వచ్చే త్రిభుజాలను వెతుక్కోవాల్సిన పని లేదు. రెండు సంఖ్యలు తీసుకుంటే కాగితం మీద నిమిషంలో పుడతాయి. పుట్టించడం తేలికే గానీ, వచ్చిన మూడు సంఖ్యల్లో తప్పు దొర్లలేదని తేల్చుకోవడానికి వేరే దారి కావాలి. లెక్కను అదే వరసలో మళ్లీ చేస్తే అదే తప్పు మళ్లీ పడుతుంది. అందుకే ఇక్కడ సూత్రం కంటే సరిచూడడానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

సూత్రం

రెండు ధన పూర్ణసంఖ్యలు తీసుకోండి. పెద్దది m, చిన్నది n. త్రిభుజం భుజాలు ఇవి:

a = m² − n²
b = 2mn
c = m² + n²

c కర్ణం. a, b లంబకోణాన్ని పట్టుకున్న రెండు భుజాలు.

ఇది ఎందుకు తప్పదో తెలిస్తే సూత్రం మరిచిపోయినా మళ్లీ రాబట్టుకోవచ్చు. ఏ రెండు సంఖ్యలకైనా, వాటి మొత్తం వర్గంలోంచి వాటి తేడా వర్గాన్ని తీసేస్తే, ఆ రెండింటి లబ్ధానికి నాలుగింతలు మిగులుతుంది. 10, 3 తీసుకుంటే 13² − 7² = 169 − 49 = 120, అదే 4 × 10 × 3. ఆ మిగిలేది కూడా ఒక వర్గమే అయితే మనకు త్రికం దొరికినట్టే. అలా కావాలంటే మొదటి రెండు సంఖ్యలనే వర్గాలుగా తీసుకోవాలి. ఒకటి m², రెండోది n². అప్పుడు మొత్తం m² + n², తేడా m² − n², మిగిలేది 4m²n², అంటే (2mn)². సూత్రమంతా ఇంతే.

బడిలో చాలామందికి పరిచయమయ్యేది 2m, m² − 1, m² + 1 అన్న రూపం. అది పైదానిలో n = 1 పెట్టినప్పుడు వచ్చే ముక్క మాత్రమే. దాంతో 20, 21, 29 రాదు, 33, 56, 65 కూడా రాదు. రెండో సంఖ్యకు స్వేచ్ఛ ఇస్తేనే మిగతావి బయటికి వస్తాయి.

సంఖ్యలు ఎంచుకోవడం

m, n ఏవైనా సరే, m పెద్దదైతే చాలు, లంబకోణ త్రిభుజమే వస్తుంది. రెండూ సమానమైతే a సున్నా అయిపోతుంది, n పెద్దదైతే a రుణసంఖ్య అవుతుంది. ఈ రెండూ కనబడగానే తెలిసిపోయే తప్పులు.

అంత తేలిగ్గా కనబడనివి ఇంకో రెండున్నాయి. m = 5, n = 3 పెట్టి చూడండి. 16, 30, 34 వస్తాయి. తప్పు కాదు, కానీ మూడూ సరిసంఖ్యలే. సగం చేస్తే 8, 15, 17. బేసి సంఖ్య వర్గం బేసే కాబట్టి, రెండు బేసి సంఖ్యలు తీసుకుంటే వర్గాల మొత్తం, తేడా రెండూ సరిసంఖ్యలవుతాయి. 2mn ఎలాగూ సరిసంఖ్యే. ఆ 8, 15, 17 నేరుగా కావాలంటే m = 4, n = 1 తీసుకోవాలి. ఇక m = 6, n = 3 పెడితే 27, 36, 45 వస్తాయి. ఇది 3, 4, 5 ని తొమ్మిదింతలు చేసిందే. m, n రెండింట్లోనూ 3 ఉంది కాబట్టి వర్గాల్లో 9 దూరింది.

కాబట్టి ఏ సామాన్య కారణాంకమూ లేని త్రికం కావాలంటే షరతులు రెండు. m, n లలో ఒకటి సరి, ఇంకోటి బేసి కావాలి. రెండింటికీ 1 తప్ప సామాన్య కారణాంకం ఉండకూడదు. ఇలా వచ్చినదాన్ని ప్రాథమిక త్రికం అందాం. ఈ రెండు షరతులూ పాటిస్తే సామాన్య కారణాంకం రాదని ఎలా చెప్పగలం? a, c రెండింటినీ భాగించే ప్రధాన సంఖ్య ఒకటుందనుకుంటే, అది వాటి మొత్తం 2m² నూ, తేడా 2n² నూ కూడా భాగించాలి. c బేసి కాబట్టి ఆ ప్రధాన సంఖ్య 2 కాలేదు. అంటే అది m నూ, n నూ రెండింటినీ భాగించాలి. అలాంటిది లేకుండానే కదా మనం ఎంచుకున్నది.

m = 7 వరకు ఈ షరతులకు నిలిచే జతలు పదకొండే. వాటిని ఒకసారి చేత్తో వేసుకుంటే చెయ్యి తిరుగుతుంది.

| m, n | a | b | c |
|---|---|---|---|
| 2, 1 | 3 | 4 | 5 |
| 3, 2 | 5 | 12 | 13 |
| 4, 1 | 15 | 8 | 17 |
| 4, 3 | 7 | 24 | 25 |
| 5, 2 | 21 | 20 | 29 |
| 5, 4 | 9 | 40 | 41 |
| 6, 1 | 35 | 12 | 37 |
| 6, 5 | 11 | 60 | 61 |
| 7, 2 | 45 | 28 | 53 |
| 7, 4 | 33 | 56 | 65 |
| 7, 6 | 13 | 84 | 85 |

ప్రాథమిక త్రికాలన్నీ ఈ సూత్రంలోంచి వస్తాయి. అన్ని త్రికాలూ మాత్రం నేరుగా రావు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథమైన బౌధాయన శుల్బసూత్రంలో దీర్ఘచతురస్రాల భుజాలుగా చెప్పిన జతల్లో 3-4, 12-5, 15-8, 7-24, 12-35 ఉన్నాయి. ఈ ఐదూ పై పట్టికలో కనిపిస్తాయి. ఆ జాబితాలో చివరిది 15-36, దాని కర్ణం 39. ఏ రెండు వర్గాలు కలిపితే 39 వస్తుందో చూడండి: 39 − 1 = 38, 39 − 4 = 35, 39 − 9 = 30, 39 − 16 = 23. ఒక్కటీ వర్గం కాదు. కాబట్టి m, n తో 15, 36, 39 నేరుగా పుట్టదు. 5, 12, 13 ని పుట్టించి మూడింతలు చేయాలి. సూత్రం మీద అనుమానం వచ్చేవాళ్లకు ఎక్కువగా తగిలేది ఇలాంటి సంఖ్యే. సూత్రంలో లోపమేమీ లేదు, గుణకం మరిచిపోవడమే అసలు సంగతి.

7, 4 తో మొత్తం లెక్క

m = 7, n = 4. ఒకటి బేసి, ఒకటి సరి. సామాన్య కారణాంకం లేదు. ముందు వర్గాలు రెండూ పక్కన రాసుకోండి: 49, 16. ఇవి రాసుకోకుండా మనసులో చేస్తేనే తప్పులు పుడతాయి. ఇప్పుడు తేడా 33, మొత్తం 65. 7 × 4 = 28, దానికి రెట్టింపు 56. త్రికం 33, 56, 65.

సరిచూడడానికి అందరూ చేసేది మూడింటి వర్గాలు కట్టడమే. 33² = 1089. 56² కి 50 వర్గం 2500, మధ్యలో 2 × 50 × 6 = 600, చివర 36, మొత్తం 3136. 65² కి 6 ను దాని తర్వాతి సంఖ్య 7 తో గుణించి 42, వెనక 25 చేర్చి 4225. ఇక 1089 + 3136 = 4225. సరిపోయింది.

రెండంకెల సంఖ్యలకు ఇది చాలు. మూడంకెలు, నాలుగంకెలు వచ్చేసరికి వర్గం కట్టడంలోనే తప్పు పోతుంది, అప్పుడు తప్పు త్రికానిదో గుణకారానిదో తేలదు. అందుకు ఇంకో దారి ఉంది: వర్గాలు కూడకుండా కర్ణం నుంచి ఒక భుజాన్ని విడదీయడం.

c² − b² అంటే (c − b) × (c + b). మన లెక్కలో 65 − 56 = 9, 65 + 56 = 121. ఈ రెండింటి లబ్ధం 1089 కావాలి, అది 33². కానీ గుణించాల్సిన అవసరం కూడా లేదు. 9 అంటే 3², 121 అంటే 11², మూడు పదకొండ్లు ముప్పై మూడు. అయిపోయింది. ఆ 3 ఎక్కడి నుంచి వచ్చింది? m − n. 11? m + n. సరిసంఖ్య అయిన భుజాన్ని కర్ణంలోంచి తీసేసినా, కర్ణానికి కలిపినా ప్రాథమిక త్రికంలో ఎప్పుడూ వర్గాలే వస్తాయి.

బేసి భుజం వైపు నుంచీ ఇదే పని చేయొచ్చు. 65 + 33 = 98, 65 − 33 = 32. రెండింటినీ సగం చేస్తే 49, 16. అవి m², n². ఎవరో ఇచ్చిన ప్రాథమిక త్రికానికి m, n తెలియకపోయినా ఇలా వెనక్కి రాబట్టవచ్చు. ఆ వచ్చిన 7, 4 తో రెండో భుజం 2 × 7 × 4 = 56 అవునో కాదో చూస్తే త్రికం మొత్తం సరిచూసినట్టే. ఇక్కడ గుణకారం దాదాపు లేదు. వర్గాలు గుర్తుపట్టడమే ఉంది. అందుకే పెద్ద సంఖ్యల దగ్గర మేం వర్గాలు కట్టం, ఈ సగాలే చూస్తాం.

పెద్దదాని మీద ఒకసారి: 119, 120, 169. కర్ణం, బేసి భుజాల మొత్తం 288, తేడా 50. సగాలు 144, 25. అంటే 12, 5. రెట్టింపు లబ్ధం 120. సరిగ్గా ఉంది. 169² ఎంతో మనకు అవసరమే పడలేదు.

తప్పు పడితే ఎలా కనబడుతుంది

అందరూ తరచుగా చేసే తప్పు m² − n² చోట (m − n)² వేయడం. 7, 4 కి అది 3² = 9 అవుతుంది. అప్పుడు మీ చేతిలో 9, 56, 65 ఉంటాయి. 9 కి 56 కలిపి చూడండి, 65. రెండు భుజాల మొత్తం సరిగ్గా కర్ణానికి సమానమైంది, అంటే త్రిభుజమే లేదు, గీత మీద గీత పడుకుంది. ఏ m, n తీసుకున్నా ఈ తప్పు చేస్తే ఇలాగే వస్తుంది, ఎందుకంటే (m − n)² కి 2mn కలిపితే m² + n² నే. కాబట్టి రెండు చిన్న సంఖ్యలు కూడితే పెద్దది వచ్చిందంటే, వర్గాల తేడా బదులు తేడా వర్గం కట్టారన్నమాట. ఇంకేం వెతకక్కర్లేదు.

రెండో తప్పు 2mn లో 2 ను వదిలేయడం. అప్పుడు 33, 28, 65. ఇక్కడ 33 + 28 = 61, అది 65 కంటే తక్కువ, కాబట్టి త్రిభుజం కాదని వెంటనే పట్టుబడుతుంది. కానీ ప్రతిసారీ ఇలా పట్టుబడదు. m ఎంత పెద్దదైనా n కి రెండింతల లోపు ఉంటేనే ఇలా దొరుకుతుంది. 5, 2 తో ఇదే తప్పు చేస్తే 21, 10, 29 వస్తాయి. 21 + 10 = 31, 29 కంటే ఎక్కువే, చూడ్డానికి త్రిభుజమే. అక్కడ వెనక్కి రాబట్టే దారి పనికొస్తుంది. 29 + 21 = 50, 29 − 21 = 8, సగాలు 25, 4. అంటే m = 5, n = 2, రెండో భుజం 20 కావాలి. మీ దగ్గర 10 ఉంది. తప్పు ఎక్కడుందో, సరైన విలువ ఎంతో రెండూ ఒకేసారి తెలిశాయి.

మూడోది అంకెలు దించుకోవడంలో పడే తప్పు. దానికి తొమ్మిదుల పరీక్ష త్వరగా అయిపోతుంది. ప్రతి సంఖ్య అంకెలూ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోవడమే, 9 వస్తే 0 అనుకోవడమే. 33 కి 6, దాని వర్గం 36, అది 0. 56 కి 11, అంటే 2, వర్గం 4. 65 కి కూడా 2, వర్గం 4. సున్నాకు నాలుగు కలిపితే నాలుగే. కుదిరింది. ఇది కుదరకపోతే తప్పు ఖాయం. కుదిరితే మాత్రం ఒప్పు ఖాయం కాదు. 65 ను పొరపాటున 56 గా తిప్పి రాసినా అంకెల మొత్తం మారదు కాబట్టి ఈ పరీక్ష దాన్ని వదిలేస్తుంది. అంకెలు తారుమారవడం చేత్తో రాసేటప్పుడు మామూలే. అందుకే ఈ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

దానికి తోడుగా ఇంకో చూపు ఉంది, లెక్క అక్కర్లేనిది. ఏ త్రికంలోనైనా చిన్న భుజాలు రెండింటిలో ఒకటి 3 తో, ఒకటి 4 తో భాగించబడుతుంది, ఆ రెండూ ఒకే భుజం కావచ్చు కూడా. మూడు సంఖ్యల్లో ఏదో ఒకటి 5 తో భాగించబడాలి. 33 లో 3 ఉంది, 56 లో 4 ఉంది, 65 లో 5 ఉంది. ఎవరైనా 22, 35, 41 అని చెప్తే 22 లోగానీ 35 లోగానీ 3 లేదు, అక్కడితో ఆగిపోవచ్చు.

ఇలాంటి తప్పులు కొత్తవి కావు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్లింప్టన్ 322 అని ఒక బాబిలోనియా మట్టి పలక ఉంది. దాదాపు క్రీ.పూ. 1800 కాలం నాటిది. దాని మీద పదిహేను వరుసల్లో లంబకోణ త్రిభుజాల చిన్న భుజం, కర్ణం ఉన్నాయి. తొమ్మిదో వరుసలో కర్ణం 769, భుజం 541 అని ఉంది. ఇప్పుడు మన పద్ధతి పెట్టండి. 769 + 541 = 1310, సగం 655. 769 − 541 = 228, సగం 114. 25 వర్గం 625, 26 వర్గం 676, కాబట్టి 655 వర్గం కాదు. 114 కూడా కాదు. కర్ణాన్ని అలాగే ఉంచి భుజం 481 అనుకుంటే? మొత్తం 1250, సగం 625. తేడా 288, సగం 144. ఇరవై అయిదు వర్గం, పన్నెండు వర్గం. m = 25, n = 12, మూడో భుజం 600. బాబిలోనియా వాళ్లు 60 ఆధారంగా రాసేవాళ్లు. 481 అంటే ఎనిమిది అరవైలు, పైన ఒకటి. పలక మీద ఎనిమిది చోట తొమ్మిది పడింది, అందుకే 60 ఎక్కువై 541 అయింది. మూడున్నర వేల ఏళ్లు దాటిన రాత తప్పు రెండు సగాలతో బయటపడుతుంది.

ఒక భుజం ముందే తెలిస్తే

ప్లాటు వెడల్పు మన చేతిలో ఉండదు. 33 అడుగులే అనుకుందాం. ఏ పొడవులకు కర్ణం పూర్ణసంఖ్యలో వస్తుంది?

33 బేసి. కాబట్టి m² − n² = 33 అనుకోండి. దాన్ని (m − n) × (m + n) గా విడదీస్తే 33 ను రెండు కారణాంకాలుగా రాయాలి. 3 × 11 అయితే m, n ల తేడా 3, మొత్తం 11. రెండూ కూడి సగం చేస్తే m = 7, తీసేసి సగం చేస్తే n = 4. అదే 33, 56, 65. 1 × 33 అయితే m = 17, n = 16, పొడవు 544. అది ప్లాటు కాదు, చెలక.

గుణకాన్ని మరిచిపోవద్దు. 33 అంటే 11 × 3, కాబట్టి 3, 4, 5 ని పదకొండింతలు చేస్తే 33, 44, 55. అలాగే 33 అంటే 3 × 11, కాబట్టి 11, 60, 61 ని మూడింతలు చేస్తే 33, 180, 183. ఇవి నాలుగే. 33 భుజంగా ఇంకో త్రికం లేదు. 33 వెడల్పు ఉన్న ప్లాటుకు పనికొచ్చే పొడవులు చూస్తే 44, 56 మాత్రమే మిగులుతాయి. సరిభుజం తెలిసినప్పుడు 2mn వైపు నుంచి వెళ్లాలి. 24 అయితే mn = 12. జతలు 4, 3 తీసుకుంటే 7, 24, 25. 12, 1 తీసుకుంటే 143, 24, 145.

నేల మీద టేపు పట్టినప్పుడు

కాగితం మీద సంఖ్య ఎంత ఖచ్చితమైనా నేల మీద టేపు కొంచెం తప్పుతుంది. ఎంత తప్పితే మూల ఎంత తిరుగుతుందో తెలిస్తే ఏ త్రికం వాడాలో తేలుతుంది.

33, 56 భుజాల మధ్య కర్ణం 65 బదులు 65 అడుగుల 3 అంగుళాలు వచ్చిందనుకోండి. మూల 90 డిగ్రీల కంటే అర డిగ్రీ ఎక్కువ తెరుచుకుంది. అర డిగ్రీ అంటే చిన్నదిగా అనిపిస్తుంది, కానీ 56 అడుగుల గోడ చివరికి వెళ్లేసరికి గోడ దాదాపు ఆరు అంగుళాలు పక్కకు జరుగుతుంది. 3, 4, 5 అడుగులతో మూల చూస్తే ఇదే అర డిగ్రీ తప్పు రావడానికి కర్ణంలో పావు అంగుళం తేడా చాలు. సుతిలి మందం, మేకు లావు కలిస్తేనే పావు అంగుళం అయిపోతుంది. పెద్ద త్రికంతో చూస్తే మూడు అంగుళాల తప్పును ఎవరైనా పట్టుకుంటారు. చిన్నదానితో పావు అంగుళం తప్పు కంటికి ఆనదు.

అయితే త్రికం పెద్దదైతే చాలు అనుకోకండి. 11, 60, 61 పొడవైనదే, కానీ సన్నటిది. లంబకోణం నుంచి కర్ణం మీదకు గీసిన ఎత్తు ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఆ ఎత్తు రెండు భుజాల లబ్ధాన్ని కర్ణంతో భాగిస్తే వస్తుంది. 11, 60, 61 కి 660 ÷ 61, పదకొండు అడుగుల లోపే. 20, 21, 29 కి 420 ÷ 29, పద్నాలుగున్నర అడుగులు. కర్ణం సగానికి తక్కువే ఉన్నా రెండోదే మూలను బాగా పట్టిస్తుంది. m, n పక్కపక్క సంఖ్యలైతే, 6, 5 లాగా, 7, 6 లాగా, త్రిభుజం సన్నబడుతూ పోతుంది. m అంటే n కి దాదాపు రెండున్నర రెట్లు ఉంటే, 5, 2 లాగా, 12, 5 లాగా, రెండు భుజాలూ దాదాపు సమానమవుతాయి.

కొలతల్లో మరో పొరపాటు అడుగులు, అంగుళాలు కలిపి రాయడంలో వస్తుంది. 33 అడుగుల 6 అంగుళాలను 33.6 అని రాసి వర్గం కడతారు. అది 33.5. అడుగుకు పన్నెండు అంగుళాలు, పది కాదు. కొలతల్లో అంగుళాలుంటే మొత్తం అంగుళాల్లోకి మార్చుకుని లెక్క చేయడమే మేలు. 33 అడుగుల 6 అంగుళాలంటే 402 అంగుళాలు.

33 × 56 ప్లాటుకు మూల పట్టే వరస ఇది. ముందు 56 అడుగుల గీతను స్థిరం చేసి రెండు చివర్లా మేకులు కొట్టండి. ఒక మేకు నుంచి ఒక టేపు 33 అడుగుల దగ్గర, రెండో మేకు నుంచి ఇంకో టేపు 65 అడుగుల దగ్గర పట్టుకుని, రెండు గుర్తులూ కలిసే చోట మూడో మేకు. టేపులు రెండూ ఒకేసారి బిగుతుగా లాగాలి, ఒకటి వదులుగా ఉంటే మేకు తప్పు చోట పడుతుంది. నేల వాలుగా ఉంటే టేపును నేల మీద పరవకండి. కర్ణం పొడవునా నేల మూడు అడుగులు దిగితే, నేల వెంట కొలిచినప్పుడు ముప్పావు అంగుళానికి పైనే ఎక్కువ చూపుతుంది. కింది వైపు కర్ర నిలబెట్టి తూనిక గుండు వేసి, టేపును మట్టంగా పట్టాలి.

నాలుగో మేకు కూడా కొట్టాక ఒక్క కర్ణంతో ఆగకండి. ఒక మూల తెరుచుకుని కర్ణం 65 అడుగుల 3 అంగుళాలు వస్తే, రెండో కర్ణం అంతే తగ్గి 64 అడుగుల 9 అంగుళాల దగ్గర ఉంటుంది. కాబట్టి రెండు కర్ణాలూ కొలిచి, తేడా ఉంటే మొదటి 56 అడుగుల గీతను కదపకుండా, పొడవైన కర్ణం ఆ తేడాలో సగం తగ్గేలా మూడో, నాలుగో మేకులు రెండింటినీ ఒకే దిక్కుకు జరపాలి. భుజాల కొలతలు మాత్రం మారకూడదు. రెండు కర్ణాలూ సమానంగా వచ్చి 65 కాకుండా ఇంకో సంఖ్య చూపిస్తే తప్పు మూలలో లేదు, 33 లోనో 56 లోనో ఉంది.